రివ్యూ అడగాల్సింది బిల్లు దగ్గర కాదు, బ్లౌజు వేసుకున్న మర్నాడు

ప్రశ్న: అక్కా, బెంగళూరు మారతహళ్ళిలో మూడేళ్ళుగా చిన్న బొటిక్ నడుపుతున్నాను. నేను, ఒక మాస్టర్, మగ్గం పనికి ఇద్దరు. పని నచ్చి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ గూగుల్‌లో 12 రివ్యూలే ఉన్నాయి, ఫేస్‌బుక్ పేజీలో నాలుగు. బిల్లు కట్టేటప్పుడు అడిగితే అందరూ "తప్పకుండా" అంటారు, ఎవరూ రాయరు. రివ్యూ రాస్తే ఫాల్, పీకో ఫ్రీ అని బోర్డు పెడదామనుకుంటున్నాను. దీనికి తోడు పోయిన నెల ఒకావిడ బ్లౌజు లేటయిందని ఒక్క స్టార్ ఇచ్చింది. "కొలత బ్లౌజు మీరే లేటుగా ఇచ్చారు, 300 తగ్గించమని బేరం కూడా ఆడారు" అని కోపంలో జవాబు రాసేశాను. ఇప్పుడేం చేయాలి?

సమాధానం:

ఈసారి ఎవరైనా బిల్లు కట్టేటప్పుడు వాళ్ళ చేతుల వైపు చూడండి. ఒక చేతిలో ఫోను పట్టుకుని స్కాన్ చేస్తుంటారు, ఇంకో చేతికి కవరు వేలాడుతుంటుంది, బయట ఆటో ఆగి ఉంటుంది. ఆ నిమిషంలో వాళ్ళ బుర్రలో ఉన్నది మీ బ్లౌజు కాదు, ఇప్పుడే పోయిన డబ్బు. అప్పుడు రివ్యూ అడిగితే "తప్పకుండా" అనేది మిమ్మల్ని వదిలించుకోవడానికే, అందులో వాళ్ళ తప్పు కూడా లేదు. అసలు విషయం ఏమిటంటే వాళ్ళింకా ఆ బ్లౌజు వేసుకోలేదు కదా. హోటల్లో అయితే తిన్నాకే బిల్లు కడతారు, రుచి నోట్లోనే ఉంటుంది. మన పనిలో డబ్బు ముందు, పరీక్ష తర్వాత. చంక దగ్గర పట్టేసిందా, మూడు గంటలు పీట మీద కూర్చుంటే నడుము దగ్గర పైకి లేచిందా, చెయ్యెత్తి అక్షింతలు వేస్తే హుక్కు ఊడిందా అన్నది ఫంక్షన్ రోజు గానీ తెలియదు. అందుకే బ్లౌజుకి రివ్యూ అడిగే సమయం వేసుకున్న మర్నాటి నుంచి మొదలవుతుంది.

బీటీఎంలో నా షాపు తెరిచిన కొత్తలో నేనూ కౌంటర్ మీద క్యూఆర్ స్టాండు పెట్టి, ప్రతి ఒక్కరికీ దాన్ని చూపించి, నెలల తరబడి ఎదురుచూసినదాన్నే. ఆ స్టాండు మీద ఇప్పుడు బటన్ల డబ్బా పెట్టుకుంటున్నాం.

మీ ఆర్డరు పుస్తకంలో ఒక గడి పెంచండి చాలు. "ఎప్పటికి కావాలి" అన్నది అందరం రాస్తాం, దానికి జనం రెండు మూడు రోజులు ముందు తేదీ చెప్తారు, అది మనకీ తెలుసు వాళ్ళకీ తెలుసు. ఆ పక్కనే "ఫంక్షన్ ఎప్పుడు, ఎవరిది" అని విడిగా అడిగి రాయండి. తమ్ముడి పెళ్ళి, సీమంతం, వరలక్ష్మీ వ్రతం, ఏదైతే అది. మెసేజ్ ఎప్పుడు పంపాలో ఆ గడే చెప్తుంది. చుట్టాల పెళ్ళికి కుట్టించుకున్నవాళ్ళకైతే మర్నాడు పదకొండింటికి పంపొచ్చు, అప్పటికి ఫోటోలు వాళ్ళ ఫోన్లోకి వచ్చేసి ఉంటాయి, వాటినే చూసుకుంటూ ఉంటారు. పెళ్ళికూతురికైతే వారం ఆగండి, సత్యనారాయణ వ్రతమూ అప్పగింతలూ రిసెప్షనూ అన్నీ అయ్యేదాకా ఆ అమ్మాయిని కదిలించకూడదు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం కాబట్టి శనివారం పొద్దున సరిగ్గా సరిపోతుంది, ఇంట్లో ఉంటారు, తీరిగ్గా ఉంటారు.

మొదటి మెసేజ్‌లో లింకు పెట్టొద్దు. "పెళ్ళి బాగా జరిగిందా అండీ? బ్లౌజు సౌకర్యంగా ఉందా, ఎక్కడైనా బిగుతుగా అనిపించిందా?" అని మాత్రం అడగండి. ఇది ఊరికే పలకరింపు కాదు, మీకు నిజంగా కావాల్సిన సమాచారం. దీనికి మూడు రకాల జవాబులు వస్తాయి. కొందరు ఏమీ అనరు. కొందరు ఫోటో పంపి "అందరూ ఎక్కడ కుట్టించావని అడిగారు" అంటారు. ఇంకొందరు "బాగానే ఉంది గానీ ఎడమ చెయ్యి కొంచెం టైటు" అంటారు. రెండో రకం మెసేజ్ వచ్చిన గంటలోపు లింకు పంపాలి. ఆ ఉత్సాహం సాయంత్రానికి ఉండదు. ఇలా రాయండి:

"చాలా సంతోషం అండీ. ఈ మాటే గూగుల్‌లో రెండు లైన్లు రాస్తారా? కొత్తగా వచ్చేవాళ్ళకి మా దగ్గర ఫిట్టింగు, టైము ఎలా ఉంటాయో తెలియాలి కదా. మీకు ఎలా అనిపిస్తే అలాగే రాయండి, తెలుగులోనైనా ఫర్వాలేదు."

కింద లింకు. ఇందులో పనిచేసేది "ఈ మాటే" అన్న ముక్క. ఏం రాయాలో తెలియకే చాలామంది ఆగిపోతారు, తెరిచి చూసి, స్టార్లు నొక్కి, ఖాళీ పెట్టె చూసి మూసేస్తారు. ఆమె అప్పటికే మీకు వాట్సాప్‌లో రాసేసింది, దాన్నే అక్కడ పెట్టమంటున్నారు, అంతే. "5 స్టార్ ఇవ్వండి" అని మాత్రం అనకండి, మీరే రాసిచ్చి దీన్ని పెట్టండి అనీ అనకండి. ఒకే మూసలో పది రివ్యూలు ఉంటే చదివేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. రాయకపోతే నాలుగైదు రోజుల తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి. రెండోసారి గుర్తు చేస్తే మీ బ్లౌజు మీద ఉన్న ఇష్టం కూడా తగ్గుతుంది.

ఇక చెయ్యి టైటు అన్నవాళ్ళ సంగతి. చాలామంది తెలివిగా వీళ్ళని వదిలేసి, మెచ్చుకున్నవాళ్ళకే లింకు పంపుతారు. అది గూగుల్ నియమాలకి విరుద్ధం. బాగా రాసేవాళ్ళనే ఏరి అడగడం, బాగాలేదనేవాళ్ళని రాయకుండా ఆపడం రెండూ వద్దని వాళ్ళు స్పష్టంగానే చెప్తారు. కాబట్టి లింకు అందరికీ వెళ్ళాలి, మొదటి మెసేజ్‌కి ఏమీ అననివాళ్ళకి కూడా రెండు రోజులాగి పంపండి. ఎప్పుడు పంపాలన్నది మాత్రం మీ చేతిలో ఉంది. చెయ్యి టైటు అన్నావిడని పిలిపించి, లోపల వదిలిన మార్జిన్ విప్పి, డబ్బు తీసుకోకుండా సరిచేసి, ఆమె మళ్ళీ వేసుకుని అద్దంలో చూసుకున్నాక పంపండి. నా అనుభవంలో మంచి రివ్యూలు వీళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి. "ఫిట్టింగు సూపర్" అని అందరూ రాస్తారు. "చెయ్యి కొంచెం బిగుతైతే మర్నాడే సరిచేసి ఇచ్చారు, ఒక్క రూపాయి అడగలేదు" అన్న వాక్యం ఆల్టరేషన్ పడ్డవాళ్ళు తప్ప ఇంకెవరూ రాయలేరు. కొత్త టైలర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళ భయం కూడా అదే కదా, తేడా వస్తే పట్టించుకుంటారా లేదా అని.

లింకు ఎక్కడ దొరుకుతుందో మీకు తెలిసే ఉండొచ్చు, అయినా చెప్తాను. షాపు ప్రొఫైల్ ఏ జీమెయిల్‌తో పెట్టారో దానితో లాగిన్ అయి, గూగుల్‌లో మీ బొటిక్ పేరు వెతికితే మీకు మాత్రమే కనిపించే మెనూ ఒకటి పైన వస్తుంది, అందులో Ask for reviews నొక్కితే లింకు, క్యూఆర్ రెండూ ఇస్తుంది. ఆ లింకు నొక్కగానే నేరుగా స్టార్ల పెట్టె తెరుచుకుంటుంది. "గూగుల్‌లో మా పేరు వెతికి రాయండి" అంటే సగం మంది దారిలోనే ఆగిపోతారు, ఇంకొందరు అదే పేరున్న వేరే షాపుకి రాసొస్తారు. లింకు ముందు మీ ఫోన్లోనే నొక్కి చూసుకోండి, తెరుచుకున్నది మీ షాపేనా అని.

రివ్యూలు తక్కువున్నాయి కదా అని పాత కస్టమర్లందరికీ ఒకే సాయంత్రం పంపేయకండి. మూడేళ్ళలో 12 వచ్చిన చోట ఒక్కరోజులో 40 వస్తే చూసే మనుషులకే అనుమానం వస్తుంది, గూగుల్ వడపోత సంగతి చెప్పక్కర్లేదు. గత రెండు నెలల ఆర్డర్లు తీసి, రోజుకి ముగ్గురు నలుగురికి పంపండి. షాపు ఫోను చేతికిచ్చి "ఇక్కడే రాసేయండి" అనొద్దు. మాస్టర్ చేత, మగ్గం పిల్లల చేత, మీ చెల్లెలి చేత రాయించొద్దు. ఎవరి రివ్యూ వాళ్ళ ఫోన్లో, వాళ్ళ అకౌంట్‌తో, వాళ్ళింట్లో కూర్చుని రాయాలి. ఒక్కోసారి నిజమైన కస్టమర్ రాసింది కూడా వాళ్ళ ఫోన్లో కనిపిస్తుంది గానీ మీకు కనిపించదు, పరిశీలనలో ఆగి ఉంటుంది. మళ్ళీ మళ్ళీ రాయమని వాళ్ళని ఇబ్బంది పెట్టకుండా కొన్ని రోజులు ఆగండి.

ఆ ఫాల్, పీకో బోర్డు మాత్రం వద్దు. రివ్యూకి బదులుగా డబ్బు గానీ, డిస్కౌంట్ గానీ, ఉచితంగా పని గానీ ఇవ్వకూడదని గూగుల్ నియమం. మంచి రివ్యూకే ఇస్తున్నారా, ఏ రివ్యూకైనా ఇస్తున్నారా అన్న తేడా కూడా లేదు. పట్టుబడితే ఉన్న రివ్యూలు తీసేయొచ్చు, కొన్నాళ్ళు కొత్తవి రాకుండా ఆపొచ్చు, మీ ప్రొఫైల్ మీదే నకిలీ రివ్యూలు తొలగించామని నోటీసు చూపించొచ్చు. ఆ బోర్డు ఫోటో తీసి ఫిర్యాదు చేయడానికి పక్కవీధి బొటిక్‌కి ఒక్క నిమిషం చాలు. మన దేశంలోనూ 2022 నవంబరులో బీఐఎస్ వాళ్ళు IS 19000:2022 అని ఆన్‌లైన్ రివ్యూలకి ఒక ప్రమాణం తెచ్చారు. అది రివ్యూలు ప్రచురించే సైట్లకి, తెచ్చినప్పుడు స్వచ్ఛందమే, కానీ డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదన్నది అందులోనూ ఉంది. పీకో ఫ్రీగా ఇవ్వాలని ఉంటే శ్రావణమాసంలో అందరికీ ఇవ్వండి, రివ్యూ ఊసెత్తకుండా.

వచ్చిన మంచి రివ్యూలకి జవాబు రాస్తున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు కాబట్టి రాయడం లేదనే అనుకుంటున్నాను. యజమాని జవాబిస్తే రాసినవాళ్ళకి నోటిఫికేషన్ వెళ్తుంది, అంటే అది మళ్ళీ షాపుని గుర్తుచేయడమే. అందరికీ ఒకే "థాంక్యూ ఫర్ యువర్ వాల్యుబుల్ ఫీడ్‌బ్యాక్" అతికించడం కంటే ఊరుకోవడం నయం. ఎవరైనా "బోట్ నెక్ బ్లౌజు భుజం జారకుండా చక్కగా కుట్టారు" అని రాశారనుకోండి, మీరు "బోట్ నెక్‌లో భుజం దగ్గరే అసలు పని అండీ. మీరు రాసింది మా మాస్టర్‌కి చదివి వినిపించాను, మురిసిపోయారు" అని రాయండి, నిజంగా చదివి వినిపించాకే లెండి. ఉత్త స్టార్లు ఇచ్చినవాళ్ళకి "థాంక్స్ అండీ" చాలు. కన్నడంలో రాస్తే కన్నడంలోనే "తుంబా థాంక్స్" అనండి, మన తెలుగువాళ్ళతో పాటు ఊరివాళ్ళూ మీ దగ్గరికి వస్తారని చూసేవాళ్ళకి తెలుస్తుంది.

జవాబులో ఒక గీత మాత్రం దాటొద్దు. రివ్యూ రాసినావిడ అందులో బయటపెట్టుకున్నది తప్ప ఇంకేదీ మీరు బయటపెట్టకూడదు. కొలత, ధర, ఎవరి పెళ్ళి, ఎన్నిసార్లు ట్రయల్‌కి వచ్చింది, ఇవన్నీ మీకు తెలుసు, కానీ అవి ఆవిడవి. "మీ సైజుకి ఆ మోడల్ కష్టమే, అయినా కుట్టాం" అని ఒక షాపు ఓనరు ప్రేమగానే రాసిన జవాబు నేను చూశాను, ఆ కస్టమర్ స్థానంలో నేనుంటే మళ్ళీ ఆ గుమ్మం తొక్కను. కస్టమర్ పంపిన ఫోటో మీ పేజీలో పెట్టాలన్నా విడిగా అడగండి, రివ్యూ రాసినంత మాత్రాన ఫోటోకి ఒప్పుకున్నట్టు కాదు.

ఫేస్‌బుక్ గురించి ఎక్కువ ఆలోచించకండి. అక్కడ 2018 నుంచి స్టార్లు లేవు, ఈ పేజీని సిఫారసు చేస్తారా లేదా అన్న ప్రశ్నే. ఒకే మనిషిని రెండు చోట్లా రాయమని అడిగితే రెండూ రాయరు. మీ పేజీలో కామెంట్లు పెట్టేవాళ్ళనీ, ఫోటోలో మీ పేజీని ట్యాగ్ చేసేవాళ్ళనీ మాత్రం అక్కడ అడగండి, వాళ్ళు ఎటూ అక్కడే ఉన్నారు. మిగతా అందరికీ గూగుల్ లింకే.

ఇప్పుడు ఆ ఒక్క స్టార్. మీరు రాసిన రెండు ముక్కలూ నిజమే అయ్యుండొచ్చు. కానీ మీ జవాబు చదివేది ఆవిడ ఒక్కతే కాదు. కుందలహళ్ళిలో రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని, మూడు వారాల్లో చెల్లెలి పెళ్ళి పెట్టుకుని, బొటిక్ వెతుక్కుంటున్న ఒకమ్మాయి చదువుతుంది. లేటు సంగతి ఆ అమ్మాయి క్షమించగలదు, బెంగళూరులో లేటవని టైలర్ ఎవరు? "బేరం ఆడారు" అన్నచోట ఆగిపోతుంది. రేపు నేను బేరమాడితే నన్నూ ఇలాగే బజార్లో పెడతారన్నమాట అనుకుని కిందికి జరిపేస్తుంది. ఒక్క స్టార్ కంటే ఆ మాటే మీకు ఎక్కువ నష్టం.

అదృష్టం ఏమిటంటే మీ జవాబుని మీరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మార్చేముందు ఆర్డరు పుస్తకం తెరిచి తేదీలు చూడండి. ఉదాహరణకి ఇలా ఉందనుకుందాం: ఆర్డరు 2న రాశారు, 12న ఇస్తామన్నారు, కొలత బ్లౌజు ఆవిడ 7న ఇచ్చారు, మీరు 14న ఇచ్చారు. అంటే అయిదు రోజుల ఆలస్యం ఆవిడది. మరి 7న కొలత బ్లౌజు అందుకున్నప్పుడు "ఇక 12కి కాదండీ, 14 అవుతుంది" అని మీరు చెప్పారా? చెప్పలేదనే నా అనుమానం, చెప్పి ఉంటే ఈ రివ్యూ వచ్చేది కాదు. మన తప్పు అక్కడుంది. అది దొరికాక ఫోన్ చేయండి, మెసేజ్ కాదు. "అండీ, కోపంలో అలా రాసేశాను, తప్పే. తీసేస్తున్నాను. బ్లౌజులో ఏమైనా సరిచేయాల్సింది ఉందా?" అంతవరకే. రివ్యూ తీసేయమని గానీ, మార్చమని గానీ అడగొద్దు, డబ్బు వెనక్కిస్తాను తీసేయండి అని అసలే అనొద్దు, అది కూడా గూగుల్ నియమాల ప్రకారం తప్పే. ఆవిడ రివ్యూని ఆవిడ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మనసు కరిగితే ఆవిడే మారుస్తుంది. ఆ తర్వాత పాత జవాబు చెరిపేసి ఇది పెట్టండి:

"అండీ, 12న ఇస్తామని 14న ఇచ్చాం, మీరు టెన్షన్ పడ్డారు, క్షమించండి. తేదీ మారుతుందని తెలిసిన రోజే మీకు ఫోన్ చేయాల్సింది, చేయలేదు. ఇప్పుడు తేదీ మారితే అదే రోజు చెప్తున్నాం. ముందు రాసిన జవాబు కోపంలో రాసింది, అలా రాయకుండా ఉండాల్సింది."

కొలత బ్లౌజు మాట ఇందులో లేదు, గమనించారా. అబద్ధమూ లేదు. "ఇప్పుడు చెప్తున్నాం" అన్న వాక్యం మాత్రం నిజంగా ఆ పద్ధతి మొదలుపెట్టాకే రాయండి, లేకపోతే వచ్చే నెల ఇంకొకావిడ దాని కిందే నిలదీస్తుంది.

ఆవిడ మార్చకపోతే? లెక్క చూద్దాం. మిగతా 11 మందీ అయిదేసి ఇచ్చారనుకుంటే, ఆ ఒక్క స్టార్‌తో మీ సగటు 5 నుంచి 4.7కి పడిపోయింది. ఇంకో 39 మంది అయిదేసి ఇస్తే 51 రివ్యూల్లో అదొక్కటీ కలిసి 4.9 అవుతుంది. అందుకే దాన్ని తీయించడానికి తిరిగే టైము ఆ ఫంక్షన్ తేదీల గడి మీద పెట్టమంటున్నాను. రివ్యూ పక్కన మూడు చుక్కలు నొక్కితే Report review అని ఉంటుంది గానీ, అది బూతులకీ, మీ గడప తొక్కని మనిషి రాసిన నకిలీకీ, పోటీవాళ్ళు రాయించినదానికీ. నిజంగా కుట్టించుకుని, నిజంగా లేటయిన మనిషి రాసిన దాన్ని రిపోర్ట్ చేసినా తీయరు, మీ ఇద్దరి మధ్య ఎవరిది తప్పో గూగుల్ తేల్చదు. ఎవరో తెలియని పేరుతో వస్తే ముందు పుస్తకం వెతకండి, జీమెయిల్‌లో ఆవిడ పేరు ఒకటుంటుంది, మీ దగ్గర రాయించింది అత్తగారి పేరైనా అయ్యుండొచ్చు. దొరక్కపోతే "ఈ పేరుతో ఆర్డరు మా పుస్తకంలో కనిపించలేదండీ, ఒక్కసారి షాపు నంబరుకి ఫోన్ చేస్తారా" అని రాసి, అప్పుడు రిపోర్ట్ చేయండి.

ఒక్క స్టార్ ఇచ్చినావిడకి ఫోన్ మాత్రం రేపు పొద్దున్నే చేయండి, షాపు తెరవకముందు, మిషన్ల చప్పుడు లేనప్పుడు.